స్పిరిట్ కన్నా కిరసనాయిలే తక్కువ వేడి ఇచ్చింది, ఎట్లా?

కావలి ఇంటర్ కుర్రాడు: సత్తు గిన్నెలో 200 గ్రాముల నీళ్లు పోసి 30 నుంచి 50 డిగ్రీలకు కాచాం. స్పిరిట్ 1.20 గ్రాములు ఖర్చయింది, కిరసనాయిలు 1.35. గ్రాముకు 13.9, 12.4 కిలోజౌళ్లు వచ్చాయి. పుస్తకంలో 29.7, సుమారు 46 అని ఉంది. మా సార్ పుస్తకం అంకెలే రాసెయ్యమంటున్నారు. తప్పు ఎక్కడ?

ఒంగోలు బైపాస్: కార్బన్లు ఎక్కువుంటే వేడి ఎక్కువ, అంతే. కిరసనాయిల్లో పది పైచిలుకు కార్బన్లు, స్పిరిట్లో రెండే. నీ కాటా చెడిపోయుంటది, సార్ చెప్పినట్టు రాసెయ్.

ల్యాబ్ పాతకాపు: మోల్ లెక్కకైతే ఆ మాట నిజమే. గ్రాము లెక్కకు పనికిరాదు. మీథేన్లో ఒక్కటే కార్బన్, గ్రాముకు 55 పైన ఇస్తుంది. బ్యూటేన్లో నాలుగున్నా 49.5 దాటదు. స్పిరిట్ వెనకబడేది దాని అణువులో ఆక్సిజన్ ముందే ఉండబట్టి. ఆ బరువు తూకంలోకి వస్తుంది గానీ మండి వేడినివ్వదు.

తమ్ముడూ, నీ గుణకారం సరిగ్గానే ఉంది. 200 × 4.18 × 20 అంటే 16.7 కిలోజౌళ్లు. కిరసనాయిలు పెట్టినప్పుడు గిన్నె అడుగు చూశావా?

కావలి ఇంటర్ కుర్రాడు: నల్లగా పట్టింది సార్. వేలితో రుద్దితే ఊడొచ్చింది. స్పిరిట్‌కి మాత్రం అడుగు తెల్లగానే ఉంది.

సింగరాయకొండ సర్వితోట: మా హోటల్లో సర్వి కట్టెలు వాడతాం. గ్యాస్ మీదకంటే కట్టెల మీదే అన్నం తొందరగా ఉడుకుతుంది. మరి గ్యాస్‌లో వేడి ఎక్కువని ఎట్లా అంటారు?

ల్యాబ్ పాతకాపు: అన్నా, బాగా ఎండిన కట్టె గ్రాముకు 18 దాకా ఇస్తుంది, గ్యాస్ 50 దగ్గర. మీ పొయ్యిలోకి ఒక్కసారే కిలోలకు కిలోలు తోస్తారు, అందుకే తొందరగా ఉడుకుతుంది. ఎంత తొందరగా అన్నది వేరే ప్రశ్న.

మసి సంగతికి వద్దాం. దొంగ మసే అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. లెక్క కట్టి చూడు. నువ్వు కాల్చిన 1.35 గ్రాముల కిరసనాయిల్లో 62 కిలోజౌళ్లున్నాయి, నీళ్లకు చేరింది 16.7. అంటే 45 ఎటో పోయింది. అడుగున పట్టిన మసి 0.05 గ్రాములనుకో, అదంతా కాలినా వచ్చేది 1.6. కాబట్టి గిన్నెకు పట్టిన మసి దొంగ కాదు, దొంగ అడుగుజాడ. వత్తి మరీ పైకుంటే మంట పొడుగై గిన్నె అంచులు దాటి పోతుంది. గాలి చాలక కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా, పొగగా వెళ్లిపోతుంది, పసుపు మంట వేడిని పక్కలకు చిమ్ముతుంది. సాయంత్రం సముద్రపు గాలి తగిలిందా, ఇంకా ఘోరం.

స్పిరిట్‌కి వేరే రోగం. ఆర్పాక మూత పెట్టకుండా కాటా దాకా తీసుకెళ్తే వత్తి నుంచి ఆవిరై పోతుంది. కాలనిది కూడా కాలిన లెక్కలోకి వస్తుంది.

ఒంగోలు బైపాస్: సరే, స్పిరిట్‌కి 29.7 రావాలి, 13.9 వచ్చింది. అదే నిష్పత్తిలో కిరసనాయిల్ని పెంచి రాస్తే పోదా?

ల్యాబ్ పాతకాపు: పెంచి చూడు, 26.5 వస్తుంది, 46 కాదు. రెండు మంటలూ ఒకే వంతు పోగొడితేనే ఆ కిటుకు పనిచేస్తుంది. ప్రొపనాల్, బ్యూటనాల్‌కి కొంతవరకు సరిపోతుంది, మసి మంటకు కాదు. తమ్ముడూ, పొగ కనపడనంత వరకు వత్తి దించు. చుట్టూ రేకు నిలబెట్టు, గాలి పోవడానికి కింద రంధ్రాలు వదులు. గిన్నెకు మూత పెట్టి మూడుసార్లు చెయ్. వేడిగా ఉన్న దీపంలో మాత్రం స్పిరిట్ పొయ్యొద్దు.

కావలి ఇంటర్ కుర్రాడు: చేశాం సార్. అదే 20 డిగ్రీలకు కిరసనాయిలు 0.80, స్పిరిట్ 0.95 గ్రాములు ఖర్చయ్యాయి, మూడుసార్ల సగటు. అంటే 20.9, 17.6. వరస తిరిగింది! అయినా 46 ఎక్కడ?

ల్యాబ్ పాతకాపు: ఈ సరంజామాతో రాదు. పుస్తకం అంకె నీటి ఆవిరి కూడా చల్లబడి నీరయ్యాక తేలేది, నీ ఆవిరి గాల్లో కలిసింది. పైగా అంగడి స్పిరిట్లో కొంత నీళ్లుంటాయి. నువ్వు కొలిచింది రాసి, పక్కన పుస్తకం అంకె, కింద కారణాలు రాయి.

ఒంగోలు బైపాస్: ఎగ్జామినర్ మార్కులు కోస్తే నువ్వొచ్చి వేయిస్తావా? నేనైతే 46 దగ్గరికొచ్చేట్టే రాయమంటా.

కావలి ఇంటర్ కుర్రాడు: రికార్డు సోమవారం ఇవ్వాలి. ఇంకా ఎటూ తేల్చుకోలేదన్నా. గిన్నె తోమడం అయితే నా వంతే పడింది, మసి ఇంకా వదల్లేదు.