ఒకే సర్ఫ్, రెండు ప్రకటనలు: లలితాజీ లెక్క, బురదగుంటను కొట్టిన అన్నయ్య

జర్నలిజం విద్యార్థిని:
తర్కంతో ఒప్పించే ప్రకటన, మనసును కదిలించే ప్రకటన, ఈ రెండింటిలో సరుకును నిజంగా అమ్మేది ఏది? రెండు టీవీ ప్రకటనలను పక్కపక్కన పెట్టి ఎవరైనా తేల్చి చెప్పగలరా?

పాత కాపీరైటర్:
రెండు వేర్వేరు సరుకుల ప్రకటనలను పోలిస్తే తేడా ప్రకటనది ఎంతో, సరుకుది ఎంతో తెలియదు కాబట్టి ఒకే సరుకు నుంచి రెండింటిని తీసుకుంటాను. 1980ల మధ్యలో దూరదర్శన్‌లో వచ్చిన సర్ఫ్ వారి లలితాజీ ఒకటి. 2005లో సర్ఫ్ ఎక్సెల్ వారు "మరక మంచిదే" అంటూ తెచ్చిన అన్నాచెల్లెళ్ల ప్రకటన రెండోది. రెండూ హిందుస్థాన్ లీవర్ వారివే, రెండూ లింటాస్ వంశంలోని ఏజెన్సీ నుంచి వచ్చినవే.

లలితాజీ పుట్టుకకు కారణం నిర్మా. అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ 1969లో మొదలుపెట్టిన ఆ పసుపు పొడి తొలి రోజుల్లో కిలో మూడున్నర రూపాయలు ఉంటే సర్ఫ్ పదమూడు రూపాయల దాకా ఉండేదని ఆ కాలపు వ్యాపారులు చెబుతారు. సర్ఫ్ ధర తగ్గించలేదు. కూరగాయల దగ్గర గట్టిగా బేరమాడే లలితాజీ అనే గృహిణిని తెర మీదకు తెచ్చింది. "ఇంత బేరమాడే మీరు ఖరీదైన సర్ఫ్ ఎందుకు కొంటారు?" అన్నట్టుగా తెర వెనుక నుంచి ఒక మగ గొంతు అడుగుతుంది. చౌక వస్తువు వేరు, మంచి వస్తువు వేరు అని, అర కిలో సర్ఫ్ కిలో చౌక పొడికి సమానమని ఆవిడ తడుముకోకుండా జవాబిస్తుంది. "సర్ఫ్ కీ ఖరీదారీ మే హీ సమఝ్‌దారీ హై", అంటే సర్ఫ్ కొనడంలోనే తెలివి ఉంది అనే మాటతో ప్రకటన ముగుస్తుంది. పాఠాలు చెప్పేవారు దీన్ని తర్కానికి ఉదాహరణగా చూపిస్తారు. ఆ లెక్కను ఒకసారి వేసి చూడండి. అర కిలో కిలోకు సరిపోతుందన్న మాటను మనం యథాతథంగా ఒప్పుకున్నా, సర్ఫ్ ధర అవతలి పొడి ధరకు రెండింతల లోపు ఉంటేనే కొనేవారికి డబ్బు మిగులుతుంది. పైన చెప్పిన ధరల్లో అర కిలో సర్ఫ్ ఆరున్నర రూపాయలు, కిలో నిర్మా మూడున్నర. అంటే లెక్క ప్రకారం నడిచే గృహిణి నిర్మానే కొనాలి.

అయినా ఆ ప్రకటన నిలిచిందంటే దాన్ని మోసింది లెక్క కాదు, లలితాజీ నిలబడిన తీరు. ఇంటి ఖర్చు చేతిలో ఉన్న స్త్రీకి, ఎక్కువ ధర పెట్టడం దుబారా కాదు, తెలివి అని చెప్పుకునే గౌరవాన్ని ఆ ప్రకటన ఇచ్చింది. స్తోమత ఉండి కూడా బేరమాడే తన తల్లే ఆ పాత్రకు ప్రేరణ అని దాన్ని తీయించిన అలీక్ పదమ్‌సీ చెప్పుకున్నారు. కవితా చౌదరి ఆ పాత్రను నవ్వు ముఖంతో చేయలేదు. కొంత కరుకుగా, తనను ఎవరూ మోసం చేయలేరన్న ధీమాతో చేశారు. నా దృష్టిలో అది తర్కపు చీర కట్టుకున్న ఆత్మాభిమానం.

గోదావరి గట్టు:
మనసును కదిలించే ప్రకటనే సరుకును అమ్ముతుందనేది నా పక్షం. అయితే మీరే నా పక్షాన వాదించినట్టయింది కదండీ. తర్కం అనుకున్నది కూడా భావోద్వేగమే అయినప్పుడు ఇక చర్చ ఎందుకు? రెండో ప్రకటన చూడండి. బడి నుంచి వస్తూ చెల్లెలు బురదగుంటలో పడి ఏడుస్తుంది. అన్న ఆ గుంట మీద పడి, సారీ చెప్పమని పిడిగుద్దులు గుద్దుతాడు. చివరికి అది సారీ చెప్పిందని చెల్లెలికి చెప్పి, ఒళ్లంతా బురదతో లేచి నిలబడతాడు. పొడి ఎన్ని గ్రాములు వేయాలి, ఎంత నీళ్లు పోయాలి అన్న మాట ఎక్కడా లేదు. ఇరవై ఏళ్లు గడిచినా మా ఇంట్లో పిల్లలు బట్టలు మాపుకొని వస్తే "మరక మంచిదే" అనే అంటాము. 2022లో సర్ఫ్ ఎక్సెల్ అమ్మకాలు వంద కోట్ల డాలర్లు దాటాయి, ఆ కంపెనీ బ్రాండ్లలో ఆ స్థాయికి చేరిన మొదటిది అదే. మనసును గెలిచినవాడే మార్కెట్‌ను గెలుస్తాడు అనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

పాత కాపీరైటర్:
గుర్తుండిపోవడం గురించి మీరు చెప్పింది నిజం. దాని నుంచి అమ్మకాలకు దూకిన దూకుడే నాకు ఒప్పుదల కాదు. 2004 మొదట్లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ వారు ఏరియల్, టైడ్ ధరలను ఒక్కసారిగా బాగా తగ్గించారు. సర్ఫ్ ఎక్సెల్ కూడా తగ్గించక తప్పలేదు. అన్నాచెల్లెళ్ల ప్రకటన వచ్చేనాటికి ఆ సరుకు ఇదివరకు కొనలేని ఇళ్లకు కూడా అందే ధరకు దిగింది. ఆ తర్వాత పదిహేడేళ్లలో ఆదాయాలు పెరిగాయి, ఇళ్లలోకి వాషింగ్ మెషీన్లు వచ్చాయి, రూపాయి విలువ కూడా మారింది. అన్నింటినీ ఒక బురదగుంట ఖాతాలో ఎలా వేస్తాము?

లలితాజీ విషయంలోనూ ఇదే జరిగింది. ఆవిడ సర్ఫ్ కొనేవారిని సర్ఫ్‌లోనే నిలబెట్టిందని నేను నమ్ముతాను, కానీ నిర్మా కొనేవారిని వెనక్కు తీసుకురాలేకపోయింది. ఆ పని కోసం లీవర్ వారు 1980ల చివరలో వీల్ అనే చౌక సరుకునే వేరుగా తయారు చేయాల్సి వచ్చింది. ప్రకటన ఎంత గొప్పదైనా, జేబులో లేని డబ్బును పుట్టించలేదు.

ఇక అన్నాచెల్లెళ్ల కథలో తర్కం లేదన్న మాట. ఆ కథ చూస్తూ ఏ తల్లీ "ఆ యూనిఫాం ఎవరు ఉతకాలి?" అని చిరాకు పడకపోవడానికి కారణం ఏమిటో ఆలోచించండి. మరక పోతుందన్న నమ్మకం ఆమెలో ముందే ఉంది. "ఎలాంటి మరకైనా సర్ఫ్ ఎక్సెల్ ఉందిగా" అనే అర్థం వచ్చే ప్రకటనలు అంతకుముందు ఏళ్ల తరబడి సిరా, కూర, నూనె మరకలను పోగొట్టి చూపించాయి. ఆ పునాది వేసి ఉన్నందువల్లనే 2005లో రుజువు చూపకుండా కథ మాత్రమే చెప్పే వీలు కలిగింది. ఇదే కథను ఎవరూ పేరు వినని పొడికి తీసి ఉంటే ప్రేక్షకులు కన్నీళ్లు తుడుచుకొని సర్ఫ్ ఎక్సెలే కొని ఉండేవారు.

దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటి మా ఏజెన్సీలో ఉండేది. ప్రకటనలో వస్తువు కనబడే క్షణాలను, పేరును తీసేసి కొందరికి చూపించి, ఇది ఏ వస్తువు గురించి అని అడిగేవాళ్లం. లలితాజీ మాటల్లోంచి సర్ఫ్ అన్న పదం తీసేసినా అది ఉతికే పొడి గురించేనని తెలుస్తుంది. అన్నాచెల్లెళ్ల కథలోంచి చివరి క్షణాలు తీసేస్తే అది బిస్కెట్ల ప్రకటనైనా, స్కూలు బూట్ల ప్రకటనైనా కావచ్చు. దాన్ని సరుకుకు కట్టే ముడి "మరక" అన్న ఒక్క మాటలో ఉంది. ముడి అంత సన్నగా ఉన్నప్పుడు కథ గుర్తుండి పేరు మరిచిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. చాలా ఏడిపించే ప్రకటనలు అక్కడే దెబ్బతింటాయి.

తణుకు సబ్బుల షాపు:
నేను సొంతంగా బట్టల సబ్బు, పొడి తయారు చేసి చుట్టుపక్కల ఊళ్లకు వేస్తున్నాను. లోకల్ కేబుల్‌లో ప్రకటన ఇద్దామని అనుకుంటే, తీసేవాళ్లు అమ్మ, కొడుకు, వాన, కన్నీళ్లు అంటూ కథ చెప్పారు. పైన రాసినదాన్ని బట్టి చూస్తే అది మానేసి ధర, బరువు చెప్పమంటారా? మా పొడి ధర పెద్ద కంపెనీ వాటిలో సగం కూడా లేదు. డీలర్లు మాత్రం కథ ఉంటేనే గొప్పగా ఉంటుందంటున్నారు.

రసాయన శాస్త్రం టీచరు:
షాపు వారు అడిగింది అసలు ప్రశ్నకు కొంచెం పక్కగా ఉన్నా, విషయమంతా అక్కడే తేలుతుందని నాకు అనిపిస్తోంది. మీ సరుకు పేరు కొనేవారికి ఇంకా తెలియదు, దాని మీద పాత నమ్మకమూ లేదు. అలాంటప్పుడు ఒక బకెట్ నీళ్లు, ఒక మురికి కాలరు, మీ పొడి ఒక చెంచా, ధర, ఇవి చూపించండి. సోడా ఎక్కువైతే చేతులు మండుతాయన్నది చౌక పొడుల మీద పాతకాలం నుంచీ ఉన్న అనుమానం. మీ పొడిలో ఆ బాధ లేకపోతే ఉతికేవారి చేతులనే దగ్గరగా చూపించండి. ఉంటే ముందు పొడిని సరిచేయండి.

కాపీరైటర్ గారితో ఒక విషయంలో నేను ఏకీభవించలేను. లలితాజీ లెక్క తప్పని తేల్చినంత మాత్రాన అది తర్కం కాకుండా పోదు. అది తప్పు తర్కం, అంతే. పైగా నిర్మా ధరను మూడున్నర దగ్గరే ఆపి లెక్క వేశారు. ప్రకటన వచ్చేనాటికి రెండింటి ధరలూ మారి ఉంటాయి కదా. అన్నిటికన్నా ముఖ్యం, అర కిలో కిలోకు సమానమా కాదా అన్నది ఏ ఇల్లాలైనా రెండు బకెట్లు పెట్టి తేల్చుకోగల మాట. పిల్లవాడి ప్రేమను అలా పరీక్షించే మార్గం లేదు.

పాత కాపీరైటర్:
ధరలు మారి ఉంటాయన్నది న్యాయమైన అభ్యంతరమే. అయినా తేడా రెండింతల లోపుకు దిగిందా లేదా అన్నదే ఆ వాక్యానికి పరీక్ష. ప్రకటనలో ఆ మాట మాత్రం చెప్పలేదు, అవతలి పొడి ధర ఎంతో కూడా చెప్పలేదు. లెక్క పూర్తిగా చూపించని తర్కాన్ని తర్కమని ఒప్పుకోవడం నాకు కష్టం.

గోదావరి గట్టు:
చూసేవారెవరూ టీవీ ముందు కాగితం పెన్సిలు పట్టుకొని కూర్చోరు కదా. ధర సమానమైన రెండు పొడుల మధ్య ఎంచుకునేటప్పుడు చెయ్యి ఏ ప్యాకెట్ మీదకు వెళ్తుందన్నదే అసలు సంగతి. అక్కడ ఆ అన్నయ్యే గెలుస్తాడని నేను ఇప్పటికీ అంటాను.

రసాయన శాస్త్రం టీచరు:
ధర, పనితనం సమానమైన చోట మీ మాట ఒప్పుకుంటాను. నా బాధ వేరే చోట ఉంది. 2010లో రిన్ వారు టైడ్ నాచురల్స్ ప్యాకెట్‌ను తెర మీద చూపించి తమదే తెల్లగా ఉతుకుతుందని ప్రకటించినప్పుడు, అవతలి కంపెనీ కలకత్తా హైకోర్టుకు వెళ్లి ఆ ప్రకటనను ఆపించగలిగింది. అక్కడ కొలవగలిగిన ఒక మాట ఉంది కాబట్టే నిలదీయడానికి వీలు దొరికింది. "మరక మంచిదే" అన్నదాన్ని ఎవరు, ఏ కొలతతో నిలదీస్తారు? మీ ఏజెన్సీలలో కథ ప్రకటనల వైపు మొగ్గు పెరగడానికి ఇది కూడా ఒక కారణం కాదా అని కాపీరైటర్ గారిని సూటిగానే అడుగుతున్నాను.

పాత కాపీరైటర్:
కొంతవరకు కారణమే. పొడులన్నీ దాదాపు ఒకేలా ఉతికే స్థాయికి వచ్చాక చూపించడానికి తేడా మిగలలేదన్నది ఇంకో కారణం. ఈ రెండింటిలో ఏది ఎక్కువ పని చేసిందో నేను విడదీసి చెప్పలేను. తణుకు వారికి మాత్రం టీచరు గారు చెప్పిన బకెట్, కాలరు ప్రకటనే ముందు తీయించమని చెబుతాను. ఖరీదు తక్కువ, ఒకే గది చాలు. ఆ తర్వాత మూడు నెలలు అది వేసిన ఊళ్ల అమ్మకాలను, వేయని ఊళ్ల అమ్మకాలను వేర్వేరు పుస్తకాల్లో రాయండి. ఆ మూడు నెలలూ ఏ ఊళ్లోనూ ధర మార్చకండి, డీలరుకు కొత్త స్కీము ఇవ్వకండి.