ట్రాన్స్‌క్రిప్ట్ అనువాదం: 68 శాతాన్ని జీపీఏగా మార్చి రాయించాలా?

లత: జర్మనీలో ఎమ్మేకి అప్లై చేస్తున్నాను. యూపీలో చదివిన బీఏ మార్కుల పత్రం మొత్తం హిందీలో ఉంది. 1800కి 1224, ప్రథమ శ్రేణి. ఇంగ్లిష్ అనువాదంలో జీపీఏగా మార్చి రాయించాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా?

రవి: మార్పించేయండి. 68ని 4తో గుణించి 100తో భాగిస్తే 2.72. మన దగ్గర 60 దాటితే ఫస్ట్ అని వాళ్లకేం తెలుస్తుంది? ‘ఫస్ట్ క్లాస్ ఆనర్స్’ అని రాయిస్తే ఇంకా మంచిది.

సుధాకర్: వాళ్లకి తెలియకపోవచ్చన్నది నిజమే రవిగారూ. కానీ 2.72 అంటే అమెరికా లెక్కలో బీ మైనస్ చుట్టుపక్కల. ఫస్ట్ డివిజన్‌ను చేజేతులా కిందికి దించినట్టే. ఇక ఆనర్స్ అన్నది పత్రంలో లేని మాట. అసలుతో పోల్చి చూస్తే దొరికిపోతుంది. లతగారూ, ‘ఫస్ట్ డివిజన్’ అనే రాయించండి, మార్కులు ముట్టుకోవద్దు. జర్మనీవాళ్లు చాలాచోట్ల మోడిఫైడ్ బవేరియన్ ఫార్ములాతో వాళ్లే లెక్క కట్టుకుంటారు.

```
1 + 3 × (100 − 68) / (100 − పాస్ మార్కు)
```

ఇందులో మన చేతిలో ఉన్నది పాస్ మార్కు ఒక్కటే. 40 వేస్తే 2.6 వస్తుంది, 33 వేస్తే 2.43. అక్కడ ఒకటే బెస్ట్, అంకె పెరిగేకొద్దీ గ్రేడు తగ్గుతుంది. చాలా కోర్సులకు కటాఫ్ 2.5. పాస్ మార్కు, డివిజన్ల పట్టిక సాధారణంగా పత్రం వెనక చిన్న అక్షరాల్లో ఉంటాయి. అనువాదకులు ముందు పేజీ మాత్రమే చేసి ఇచ్చేస్తుంటారు. వెనక పేజీ కూడా చేయించండి.

ప్రియ: నాకూ ఇదే టెన్షన్! నా సీజీపీఏ 7.8. 9.5తో గుణించి 74.1 అని ఫారంలో రాసేశాను, సరిపోతుందా?

సుధాకర్: ఆవిడ అడిగింది అది కాదమ్మా. అయినా 9.5 సీబీఎస్ఈ పదో తరగతికి పెట్టిన లెక్క. మీ యూనివర్సిటీ ఏ సూత్రం ఇచ్చిందో చూసుకుని ఫారం సరిచేయండి.

లత: వెనక చూశాను సర్. ఒక్కో పేపర్‌కి 33, మొత్తం మీద 36 రావాలని ఉంది. ఏది వేస్తారు?

సుధాకర్: 36 అయితే సరిగ్గా 2.5, గీత మీద ఉంటారు. డిగ్రీకి మొత్తం మీద రావాల్సింది 36 కాబట్టి అదే వేస్తారని నేననుకుంటున్నాను. వేరేలా చూసేవాళ్లూ ఉండొచ్చు. రెండూ అనువాదంలో కనపడాలి. పరీక్షల విభాగం నుంచి లెటర్‌హెడ్ మీద కనీస మార్కు ఎంతో రాయించుకుని జతచేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది.

రవి: ఆ లెటర్ ఇచ్చేసరికి డెడ్‌లైన్ దాటిపోతుంది సార్. అనువాదకుడి చేతే కింద నోట్‌గా ‘పాస్ మార్కు 33’ అని వేయిస్తే పోలా?

సుధాకర్: 36 వదిలేసి 33 ఒక్కటే ఎలా వేస్తాడండీ? సంతకం పెట్టి సీలు వేసేది ఆయన.