తక్కువ స్ట్రిప్పులతో రోజంతటి షుగర్ తీరు తెలుసుకోవడం ఎలా?

లక్ష్మి, నరసన్నపేట
మా నాన్నగారికి 63 ఏళ్లు. షుగర్ వచ్చి చాలాకాలమైంది. ఇన్సులిన్ లేదు. మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, గ్లిమెపిరైడ్ ఉదయం ఒకటి వేసుకుంటారు. రోజూ తెల్లవారగానే పరగడుపున మీటర్‌తో చూస్తాం. 115కీ 128కీ మధ్యే ఉంటుంది కాబట్టి అదుపులోనే ఉందనుకున్నాం. మొన్న శ్రీకాకుళంలో చేయించిన హెచ్‌బీఏ1సీ 8.2 వచ్చింది. డాక్టరు గారు రిపోర్టు చూసి, రోజుకు ఎనిమిదిసార్లు చొప్పున మూడు రోజులు చూసి రాసుకురమ్మన్నారు. మూడు పూటలా తినేముందు, తిన్నాక, పడుకునేముందు, ఆపైన తెల్లవారుజామున 3 గంటలకు. డబ్బాలో 24 స్ట్రిప్పులే ఉన్నాయి. మూడు రోజుల్లో అవన్నీ అయిపోతాయి, ఆ తర్వాత ఒకటో తారీఖు వరకు చేతిలో ఏమీ ఉండదు. ఇంతకంటే పొదుపుగా చూసే దారి ఉందా?

అప్పలనాయుడు, బొబ్బిలి
అమ్మా, పరగడుపు పరీక్ష మానేయండి, తిన్న తర్వాత మాత్రమే చూడండి. మూడు నెలల సగటును పెంచేది తిన్నాక పెరిగే షుగరే. భోజనం ముగించి చేయి కడుక్కున్నాక సరిగ్గా రెండు గంటలకు చూస్తే చాలు. రోజుకు మూడు స్ట్రిప్పులు, ఎనిమిది రోజులు వస్తాయి.

సూర్యారావు, విజయనగరం
ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవాడిని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 8.2 అంటే రోజంతటి సగటు సుమారు 189. పరగడుపున 120 ఉన్న మనిషికి సగటు 189 వచ్చిందంటే, పగలో రాత్రో ఎక్కడో చాలాసేపు 200 దాటుతోందన్నమాట. రోజూ ఒకే వేళకు చూస్తే అది నెలల తరబడి కనపడదు. ఆ మేరకు నాయుడుగారు చెప్పింది నిజం.

కానీ తిన్నాక మాత్రమే చూస్తే సగం సంగతే తెలుస్తుంది. రాత్రి భోజనం తర్వాత 250 వచ్చిందనుకోండి. తినేముందు 130 ఉంటే తప్పు ఆ కంచంలో ఉంది. తినేముందే 200 ఉంటే తప్పు అంతకుముందెక్కడో ఉంది. ఒకే అంకెకు రెండు కారణాలు, రెండు వేర్వేరు మందులు. అందుకే ముందొకటి, తర్వాతొకటి జంటగా చూడాలి. రెండింటి మధ్య తేడాయే ఆ పూట తిన్నది చేసిన పని.

రెండు గంటలు లెక్కపెట్టేది తొలి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి, చేయి కడిగినప్పటి నుంచి కాదు. అరగంట కబుర్లతో భోంచేసే ఇంట్లో ఆ అరగంట తేడా అంకెను మార్చేస్తుంది.

మీ 24తో ఇలా చేయండి. సోమవారం టిఫిన్‌కు జంట, మంగళవారం మధ్యాహ్నానికి, బుధవారం రాత్రికి. మళ్లీ గురువారం నుంచి అదే వరస. ఆరు రోజులకు 12 స్ట్రిప్పులు. ప్రతి పూటనూ రెండేసి సార్లు చూసినట్టవుతుంది, సగం డబ్బా మిగులుతుంది. ఒక్క రోజులో ఎనిమిది చూస్తే ఆ రోజు సంగతే తెలుస్తుంది. ఆ రోజు ఇంట్లో వ్రతమో నిద్రలేమో ఉంటే మొత్తం చెడిపోతుంది. అయితే మోతాదు మార్చేందుకు ఒకే రోజు పూర్తిగా కావాలని డాక్టరు ఉద్దేశమైతే ఆయన మాటే వినాలి. ఒకసారి ఫోన్ చేసి అడగండి.

రమణ, రాజాం
నేను పొద్దున, రాత్రి 30/70 ఇన్సులిన్ వేసుకుంటాను. మూడు పూటల జంటలే చూస్తే సరిపోతుందా? మధ్యరాత్రి ఒళ్లంతా చెమట పట్టి మెలకువ వస్తోంది, గుండె దడదడలాడుతుంది. ఫ్యాన్ ఆగిపోవడం వల్లనేమో అనుకుంటున్నాను.

పార్వతి, పలాస
రమణ గారూ, ఈ పొదుపు మీకు పనికిరాదు. ఇన్సులిన్ వేసుకునేవారు ప్రతి మోతాదుకు ముందూ చూసుకోవాలి. చెమట పట్టి మెలకువ వచ్చిన ఆ నిమిషంలోనే వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడాలి. చూసే వీలు లేకపోతే ముందు పంచదార తాగేయండి. రేపే మీ డాక్టరుకు చెప్పండి, ఇది ఫ్యాన్ సంగతి కాకపోవచ్చు. నేను నర్సును, ఇలాంటి రాత్రులు గడిపినవారిని చూశాను.

లక్ష్మి గారికి మరో మాట. మాకు తెలిసిన ఒకాయన పనస తొనలు ఒలిచి, చేయి తువ్వాలుతో తుడుచుకుని చూసుకుంటే 312 వచ్చింది. సబ్బుతో కడిగి, బాగా ఆరాక అదే చేతికి చూస్తే 174. వేలికంటిన పండు రసంలోని చక్కెరను కూడా మీటర్ లెక్కేస్తుంది. స్పిరిట్ దూదితో తుడిచినా అది పూర్తిగా పోదు, నీళ్లతో కడగాల్సిందే. అనుమానం వచ్చిన ప్రతి అంకెకూ మరో స్ట్రిప్ ఖర్చు కాబట్టి, కడగడమే అన్నిటికంటే పెద్ద పొదుపు.

లక్ష్మి, నరసన్నపేట
ఫోన్ చేశాను. జంటలుగా చూసినా ఫరవాలేదు గానీ తెల్లవారుజాము ఒక్కటి మాత్రం వదలొద్దన్నారు. ఆరు రోజులూ అయ్యాయి. రోజూ తినేదే పెట్టాం, ఏమీ తగ్గించలేదు.
టిఫిన్ (చోడి అంబలి, ఒక రోజు ఇడ్లీ): 124 – 168, మళ్లీ 119 – 171.
మధ్యాహ్నం: 131 – 187, మళ్లీ 126 – 179.
రాత్రి 8:30కి: 178 – 262, మళ్లీ 171 – 254.
రాత్రి అన్నం తగ్గించాలని అర్థమైంది. అంతేనా?

అప్పలనాయుడు, బొబ్బిలి
చూశారా, రాత్రి అన్నమే! రెండు పుల్కాలు పెట్టండి, సరిపోతుంది. మా ఇంట్లో అలాగే దిగింది.

సూర్యారావు, విజయనగరం
అన్నం సంగతి తర్వాత చూద్దాం. ముందు 178, 171 దగ్గర ఆగండి. మధ్యాహ్నం తిన్నాక 187 ఉన్నది రాత్రి 8:30కి 130 దరిదాపుల్లోకి దిగి ఉండాలి. ఆరు గంటలు గడిచినా దిగలేదు. లేదా దిగి మళ్లీ పైకెక్కింది. సాయంత్రం ఏం తింటారు?

ఇంకో మాట. ఈ మీటర్లకు ప్రమాణమే అంత: అంకె 100 దాటితే ఇటు 15 శాతం, అటు 15 శాతం తేడా ఉండొచ్చు. కాబట్టి 124, 119 మధ్య తేడాకు అర్థమేమీ లేదు. మధ్యాహ్నం పెరుగుదల 56, 53 అన్నా, టిఫిన్ పెరుగుదల 44, 52 అన్నా మన కంటికి ఒకటే. కానీ రాత్రి 84, 83 పెరగడం, రెండుసార్లూ అలాగే రావడం, దాన్ని నమ్మొచ్చు. రెండేసి సార్లు చూడమన్నది ఇందుకే.

లక్ష్మి, నరసన్నపేట
సాయంత్రం ఐదున్నరకు బజారు వైపు నడిచి వెళ్తారు. తిరిగి వస్తూ పునుగులు తెచ్చుకుంటారు, పంచదార టీ తాగుతారు. అది భోజనం కాదని లెక్కలోకి తీసుకోలేదు. నిన్న దానికీ జంట చూశాను: 136 – 203.

సూర్యారావు, విజయనగరం
అదీ సంగతి. ఎనిమిది వేళల పట్టీలో సాయంత్రం టీకి చోటు లేదు. ఆ ఎనిమిదీ ఒకే రోజు చూసినా, రాత్రి భోజనం ముందు 178 అనే అంకె కనబడేది గానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేది కాదు.

ఇప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. ముందు సాయంత్రం: పంచదార లేని టీ, పునుగులకు బదులు గుప్పెడు ఉడికించిన శనగలు. రాత్రి భోజనం మునుపటిలాగే పెట్టి జంట చూడండి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఎంత తగ్గిందో తెలియదు.

లక్ష్మి, నరసన్నపేట
రాత్రి భోజనం ముందు 142, తర్వాత 224.

సూర్యారావు, విజయనగరం
మొదలు 30కి పైగా దిగింది, పెరుగుదల మాత్రం అదే 82. అంటే రాత్రి కంచం వేరే సమస్య. నాయుడుగారి మాటకు ఇప్పుడు సమయం వచ్చింది. అయితే పుల్కా అన్న పేరుతో తగ్గదు, ఎంత పెట్టారన్నదే లెక్క. రోజూ అన్నం కొలిచే గిన్నెతోనే సగం కొలిచి పెట్టండి. మిగతా చోటు కూరతో, పప్పుతో నింపండి.

కానీ ఆ రాత్రి 3 గంటలకు అలారం పెట్టుకోవాలి. కారణం చెబుతాను. ఇన్నాళ్లూ ఆయన 260తో పడుకుని 120తో లేచారు. రాత్రికి రాత్రే 140 దిగుతోంది. ఇప్పుడు 180తో పడుకుని అంతే దిగితే ఎక్కడ తేలుతారు? గ్లిమెపిరైడ్ తిండి తగ్గిందని ఊరుకునే మందు కాదు. పరగడుపు అంకె బాగుందన్న ధీమా ఇక్కడే ప్రమాదం. మంచం పక్కన పంచదార ఉంచండి.

పార్వతి, పలాస
నేనైతే డాక్టరుకు చెప్పాకే రాత్రి భోజనం సగానికి తగ్గిస్తాను. 63 ఏళ్ల మనిషి, నిద్రలో షుగర్ పడిపోతే ఇంట్లోవాళ్లకు తెలియదు.

సూర్యారావు, విజయనగరం
పార్వతి గారన్నది నాకంటే సరైన మాట. ముందు చెప్పండి, తర్వాత తగ్గించండి.

లక్ష్మి, నరసన్నపేట
చెప్పాను. సగం కాదు, మూడో వంతు తగ్గించమన్నారు, మాత్ర ఇప్పటికి అలాగే ఉంచమన్నారు. రాత్రి: 138 – 186. తెల్లవారుజామున 3 గంటలకు 79. ఆరింటికి 98. చెమట, వణుకు లేవు. నాన్నగారు లేవడానికి విసుక్కున్నారు గానీ వేలు ఇచ్చారు. ఇంకా నాలుగు స్ట్రిప్పులున్నాయి. 79 అంటే మంచిదే కదా?

సూర్యారావు, విజయనగరం
70 పైనే ఉంది కాబట్టి ఆ నిమిషానికి పడిపోయినట్టు కాదు. కానీ 100 లోపు అంకెలకు మీటర్ తేడా 15 పాయింట్ల వరకు ఉండొచ్చు. 79 అన్నది నిజంగా 64 కావచ్చు, 94 కూడా కావచ్చు. అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఇవాళే ఈ మూడు అంకెలూ ఫోన్‌లో చదివి వినిపించండి. మాత్ర మీరు తగ్గించకండి. ఆ నాలుగింటిలో రెండు ఈ రాత్రికి ఉంచండి, పడుకునేముందు ఒకటి, 3 గంటలకు ఒకటి. మిగతా రెండు ఒంట్లో తేడా అనిపించినప్పటికి.

అప్పలనాయుడు, బొబ్బిలి
పొద్దున వేసుకున్న మాత్ర తెల్లవారుజాము దాకా పనిచేస్తుందా? నాకు నమ్మకం కలగడం లేదు. సాయంత్రం నడక వల్ల కూడా దిగుతుంది కదా.

పార్వతి, పలాస
రోజుకు ఒక్కసారి వేసే మాత్ర అది, రోజంతా దాని పని ఉంటుంది. నడక కూడా తోడై ఉండొచ్చు, ఇక్కడ కూర్చుని మనం విడదీయలేం. కిడ్నీ పనితీరు మందగించినవారికి ఆ మందు ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. లక్ష్మి గారూ, నాన్నగారికి క్రియాటినిన్ పరీక్ష ఈమధ్య చేయించారా?

లక్ష్మి, నరసన్నపేట
పోయిన ఏడాది చేయించిందే, ఆ తర్వాత లేదు. డాక్టరు గారితో ఫోన్‌లో ఈ మూడు అంకెలతోపాటు అది కూడా చెబుతాను.