టై రాడ్ పాఠంలో «విశిష్ట బలం» నప్పుతుందా?

చీపురుపల్లి నుంచి: పాలిటెక్నిక్ పిల్లల కోసం తెలుగులో చిన్న పాఠం రాస్తున్నాను. అందులో ఒక వాక్యం ఇది: «లాగుడు మాత్రమే పడే కడ్డీ తేలిగ్గా ఉండాలంటే విశిష్ట బలం ఎక్కువున్న లోహాన్ని ఎంచుకోవాలి.» స్పెసిఫిక్ హీట్‌ని విశిష్టోష్ణం అంటున్నాం కదా, అదే దారిలో వెళ్లాను. పిల్లలేమో విశిష్టం అంటే గొప్పదనుకుంటున్నారు. వేరే మాట చెప్పగలరా?

నరసన్నపేట నుంచి: «బరువుకు తగ్గ బలం» అనండి మాస్టారూ, ఎవరికైనా అర్థమవుతుంది. విషయమూ అంతే. అల్యూమినియం ఇనుములో మూడో వంతు బరువు. టై రాడ్ దాంతో చేయిస్తే బరువు మూడో వంతుకు దిగుతుంది.

రాజాం నుంచి: మాట బాగుంది గానీ లెక్క సగమే చెప్పారు. రైస్ మిల్లు షెడ్డు కప్పు కింద 4 మీటర్ల టై రాడ్ వేస్తున్నారనుకోండి. దాని మీద 50 కిలోన్యూటన్ల లాగుడు, అంటే సుమారు 5 టన్నులు. భద్రత కోసం లోహం ఈల్డ్ బలంలో సగమే వాడుకుందాం. ఎం.ఎస్. రాడ్ ఈల్డ్ 250 మెగాపాస్కల్స్ కాబట్టి 400 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత వైశాల్యం కావాలి, బరువు పన్నెండున్నర కిలోలు. 6061-టి6 అల్యూమినియానికి ఈల్డ్ సుమారు 275, వైశాల్యం 364 చాలు, బరువు 4 కిలోల లోపే. ఇంతవరకు మీరన్నది నిజం.

ఇప్పుడు సాగు చూడండి. అదే లాగుడికి ఎం.ఎస్. రాడ్ రెండున్నర మిల్లీమీటర్లు సాగితే, అల్యూమినియం రాడ్ 8 మిల్లీమీటర్లు సాగుతుంది. తెగదు, కానీ కప్పు అంచులు అంత మేర బయటికి జరిగి గోడల్ని తోస్తాయి. రెండున్నర దాటకూడదని షరతు పెడితే అల్యూమినియం వైశాల్యం 1160 దాకా పెంచాలి. అప్పుడు బరువెంతో తెలుసా? మళ్లీ పన్నెండున్నర కిలోలే! టైటానియం తెచ్చినా దాదాపు అంతే.

```
తెగకుండా:  m = F·L·ρ/σ
సాగకుండా:  m = F·L²·ρ/(E·δ)
```

F లాగుడు, L పొడవు, ρ లోహం సాంద్రత, E సాగుడుకు లోహం ఎదురునిలిచే గుణం. σ అంటే లోహం మీద మనం పడనిచ్చే ఒత్తిడి, δ అంటే ఒప్పుకునే సాగు. మొదటిదాంట్లో σ/ρ ఎక్కువున్నది గెలుస్తుంది, రెండోదాంట్లో E/ρ. ఉక్కు, అల్యూమినియం, టైటానియం మూడింటికీ E/ρ దాదాపు ఒకటే. E గిగాపాస్కల్స్‌లో, ρ కిలోగ్రాములు/లీటరులో తీసుకుంటే 25, 26 మధ్య వస్తుంది. తేలిక లోహం ఆ మేరకు ఎక్కువ సాగుతుంది కాబట్టి లాభం అక్కడే పోతుంది. కాబట్టి మాస్టారూ, మీ వాక్యంలో మాట కంటే ముందు షరతు సరిచేయాలి. కడ్డీ తెగకుండా ఉంటే చాలా, సాగకూడదా?

ఆమదాలవలస నుంచి: మాది గ్యారేజీ అండి. మా దగ్గరకొచ్చే కార్ల టై రాడ్లన్నీ ఉక్కువే. అల్యూమినియం వేస్తే స్టీరింగ్ తేలికవుతుందా?

రాజాం నుంచి: అన్నా, మీ టై రాడ్ పేరుకే టై రాడ్. స్టీరింగ్ తిప్పినప్పుడు ఒకవైపు లాగుడు, ఒకవైపు నెట్టుడు. నెట్టుడు పడితే సన్నని కడ్డీ తెగదు, సాగదు, పక్కకి వంగిపోతుంది. దానికి పై రెండు సూత్రాలూ పనికిరావు. ఇక స్టీరింగ్ బరువు అనిపించేది టైర్ల గాలి వల్లో, జాయింట్ల బిగువు వల్లో అయ్యుంటుంది. రాడ్ బరువుతో దానికి పెద్దగా పనిలేదు.

నరసన్నపేట నుంచి: అయితే కార్బన్ ఫైబర్ పెడితే?

రాజాం నుంచి: పోగులన్నీ ఒకే దిక్కున ఉంటే రెండు లెక్కల్లోనూ అదే గెలుస్తుంది. అయితే దాని చివర్లో మర కోయలేం, పోగులు తెగిపోతాయి. లోహపు తొడుగు జిగురుతో అతకాలి. కడ్డీ పొట్టిదైతే మిగిలిన బరువంతా ఆ తొడుగులకే పోతుంది.

చీపురుపల్లి నుంచి: వాక్యం ఇలా మార్చాను: «తెగకుండా ఉంటే చాలంటే బరువుకు తగ్గ బలం చూడాలి, సాగకూడదంటే బరువుకు తగ్గ బిర్రు చూడాలి.» స్టిఫ్‌నెస్‌కి «గట్టిదనం» పెడదామనుకున్నా గానీ అది మనవైపు బలానికీ, గీత పడకపోవడానికీ కూడా వాడేస్తాం.

నరసన్నపేట నుంచి: «బిర్రు» వద్దండి. తాడు లాగి కడితే బిర్రుగా ఉందంటాం. అది లాగుడు వల్ల వచ్చింది, తాడు గుణం కాదు. పిల్లలు టెన్షన్ అనుకుంటారు.

చీపురుపల్లి నుంచి: నిజమే. «సాగని గుణం» అంటే?

రాజాం నుంచి: సాగనిది ఏదీ లేదు కదండీ, ఉక్కు కూడా రెండున్నర మిల్లీమీటర్లు సాగింది. నాకైతే «దృఢత్వం» ఉంచి, పక్కనే ఈ రెండు రాడ్ల లెక్క వేసి చూపించడమే మేలనిపిస్తోంది.

నరసన్నపేట నుంచి: దృఢత్వమంటే మళ్లీ బలమే అనుకుంటారు. ఇంకో మాట వెతకండి.