"ఆల్ఫా తరువాతే బీటా": ఈ "తరువాత" ఎంత తరువాత?

అనువాదకురాలు: మూత్రపిండం మీదుండే అధివృక్క గ్రంథి లోపలి దవ్వలో పుట్టి, అడ్రినలిన్ లాంటి హార్మోన్లను అతిగా వదిలే ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ గురించి రోగుల కోసం ఒక కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. "ఆల్ఫా నిరోధకం తరువాతే బీటా నిరోధకం వాడాలి" అని రాస్తే, సరిచూసిన డాక్టరుగారు "తరువాత" కింద గీత గీసి, ఈ మాట చాలదన్నారు. ఏమి లోపం?

విశ్రాంత తెలుగు మాష్టారు: నిరోధకం అంటే గడ్డనుంచి అడ్రినలిన్ రాకుండా ఆపేది కదా. రెండూ చేసేది ఒకటే పని అయినప్పుడు వరుస కేవలం ఆనవాయితీ అవుతుంది. "పిదప" అని మార్చండి, గ్రాంథికంగా నిండుగా ఉంటుంది.

మత్తు వైద్యుడు: మాష్టారూ, అడ్డుకోవడం నిజమే కానీ అడ్డు పడేది గడ్డ దగ్గర కాదు. గడ్డ స్రవిస్తూనే ఉంటుంది. మందు ఆ హార్మోను వెళ్లి తగిలే గ్రాహకాలను మూస్తుంది. రక్తనాళాలను బిగించేవి ఆల్ఫా గ్రాహకాలు. బీటా గ్రాహకాలు గుండెను పరుగెత్తించడమే కాక, కండరాల్లోని రక్తనాళాలను కొంత వదులు కూడా చేస్తాయి. ముందుగా బీటాను మూస్తే ఆ వదులు పోయి, బిగింపు ఒక్కటే మిగులుతుంది. పైగా ఆ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టవలసిన గుండె బలం కూడా తగ్గుతుంది.

నేను చూసిన ఒక రైతుకు ఉన్నట్టుండి తలనొప్పి, చొక్కా తడిసే చెమట, దడ వచ్చి, ముఖం పాలిపోయి, ఇరవై నిమిషాల్లో సర్దుకునేవి. ఎవరో దడకని 40 మిల్లీగ్రాముల ప్రొప్రనలాల్ అనే బీటా నిరోధకం ఇచ్చారు. నాడి 130 నుంచి 90కి దిగింది, పై బీపీ మాత్రం 190 నుంచి 250కి ఎగబాకి, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది.

మరో సభ్యురాలు: మా అమ్మకూ రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయి. ఆమెకు ఏ మందు ముందు వేయాలి?

మత్తు వైద్యుడు: అమ్మా, ఒక్క చెమటను బట్టి ఈ గడ్డను అనుమానించలేము, చాలామందిలో కారణం వేరే ఉంటుంది. తలనొప్పి, దడ కూడా కలిసి విడతలు విడతలుగా వస్తూ, బీపీ పెరుగుతుంటే ఆ హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాలను కొలిచే మెటానెఫ్రిన్ పరీక్ష గురించి మీ డాక్టరుగారిని అడగండి. మందులు అంతవరకూ మొదలుపెట్టవద్దు.

అనువాదకురాలు: మరి ఆ రైతుకు వరుస ఎలా కుదిరింది?

మత్తు వైద్యుడు: ఫినాక్సీబెంజమైన్ అనే ఆల్ఫా నిరోధకం 10 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లుగా మొదలుపెట్టి పెంచాము, ఉప్పు, నీళ్లు ఎక్కువ తీసుకొమ్మన్నాము. బీపీ మనిషిని ఉప్పు తినమంటే ఇంట్లోవాళ్లు నమ్మలేదు. కానీ బిగిసిన నాళాలు వదులైనప్పుడు వాటిని నింపే ద్రవం కావాలి. ముక్కు దిబ్బడ వేసి, లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. మందు పట్టిందనడానికి అవి గుర్తులు. అయిదో రోజున, నాడి ఇంకా 110 ఉంటే, అప్పుడు బీటా ఇచ్చాము. రెండు వారాలకు శస్త్రచికిత్స జరిగింది.

విశ్రాంత తెలుగు మాష్టారు: అయితే "పిదప" పనికిరాదు. ఒక మాత్ర మింగిన అరగంట కూడా పిదపే. "ఆల్ఫా మందు పట్టిన మీదటే" అంటే?

అనువాదకురాలు: బాగుంది, కానీ "పట్టడం" అంటే మందు పడకపోవడానికి వ్యతిరేకమని చదివేవారు అనుకోరా? "నిరోధకం" బదులు "అడ్డుమందు" అనాలో వద్దో కూడా నాకింకా తేలలేదు.