అప్‌డేట్: నాన్నగారి స్టెరాయిడ్ ఇన్హేలర్ ఆపవచ్చా అన్న సందేహం తీరింది

నా ప్రశ్న: “నాన్నగారికి సాల్బుటమాల్ పీల్చగానే ఆయాసం తగ్గుతోంది, బుడెసొనైడ్‌తో ఏమీ తెలియడం లేదు. ఒకప్పుడు పొగ తాగేవారు కనుక ఇది శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకయ్యే సీఓపీడీ జబ్బు అయితే స్టెరాయిడ్ ఆపవచ్చా?”

సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఏ మందూ ఆపకుండా ముందు స్పైరోమెట్రీ చేయించమన్న సలహాయే దారి చూపింది. సాల్బుటమాల్ ఇచ్చి పావుగంట తర్వాత మళ్లీ ఊదించినప్పుడు, మొదటి సెకనులో వదిలే గాలి 1.6 లీటర్ల నుంచి 2.1 లీటర్లకు పెరిగి, మొత్తం గాలితో దాని నిష్పత్తి మామూలు స్థాయికి చేరడంతో, ఇది సీఓపీడీ కాదు, ఉబ్బసమేనని వైద్యురాలు తేల్చారు.

సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాలను కొన్ని గంటలపాటు సడలిస్తుందే తప్ప శ్వాసనాళాల వాపును తగ్గించదు. వాపును తగ్గించే బుడెసొనైడ్ పూర్తి ఫలితానికి వారాలు పడుతుంది కాబట్టి, పీల్చిన వెంటనే తేడా తెలియకపోవడం సహజమే.

ఇప్పుడు బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఒకే ఇన్హేలర్‌ను ఉదయం, రాత్రి, ఆయాసం వచ్చినప్పుడు కూడా, ఆమె చెప్పిన రోజువారీ పరిమితి దాటకుండా వాడుతున్నారు. ఫార్మోటెరాల్ నిమిషాల్లో పనిచేస్తుంది కనుకనే ఇది కుదురుతుందని, నెమ్మదిగా పనిచేసే సాల్మెటెరాల్ ఉన్న ఇన్హేలర్‌ను అత్యవసరానికి వాడకూడదని ఆమె గట్టిగా చెప్పారు. రాత్రిపూట ఆయాసంతో మెలకువ రావడం ఆగింది. నెబ్యులైజర్ కొనాలా అన్న చర్చకు ఇక అవసరం లేకపోయింది.