బియ్యంలో ఆర్సెనిక్: కడిగితే పోతుందా, గంజి వారిస్తే పోతుందా?

డాలస్_అమ్మ: పాపకి పది నెలలు. రెండు పూటలా సోనామసూరి అన్నం మెత్తగా చేసి పెడుతున్నాం. కడగడం, నానబెట్టడం, నీళ్ళెక్కువ పోసి వండడం, వీటిలో ఆర్సెనిక్‌ని నిజంగా తగ్గించేది ఏది?

సుబ్బు_నెల్లూరు: మూడు నీళ్ళు కడిగి అరగంట నానబెట్టండి. తెల్లటి నీళ్ళతో మందులన్నీ పోతాయి. మిగిలింది కుక్కర్ ఆవిరితో పోతుంది.

ల్యాబ్_రామం: సుబ్బు గారూ, ఇది గింజకి పైన అంటిన పురుగుమందు కాదు. మడిలో నీళ్ళు నిలిస్తే మట్టికి గాలి ఆడదు. అప్పుడు మట్టిలోని ఇనుముకి పట్టి ఉన్న ఆర్సెనిక్ ఊడి నీళ్ళలో కలుస్తుంది. వరి వేరు సిలికాని పీల్చుకునే దారిలోనే దాన్నీ పీల్చుకుంటుంది. అందుకే అది గింజ లోపల ఉంటుంది. కడిగితే బాస్మతిలో సుమారు పదో వంతు పోతుంది, మిగతా రకాల్లో అంతకన్నా తక్కువ. నానబెట్టిన నీళ్ళతోనే ఎసరు పెడితే ఏమీ పోదు. వంట వేడికి ఆర్సెనిక్ ఆవిరి కాదు. కుక్కర్‌లోనైనా అత్తెసరులోనైనా నీళ్ళన్నీ అన్నంలోకే ఇంకుతాయి కాబట్టి దానికి బయటికి పోయే దారి లేదు.

దంపుడు_బియ్యం: పాలిష్ బియ్యం మానేసి దంపుడు బియ్యం తింటే ఈ గొడవే ఉండదు.

ల్యాబ్_రామం: తవుడులోనే ఎక్కువ ఉంటుందండీ. దంపుడు బియ్యంతో ఈ ఒక్క విషయంలో నష్టమే.

సుబ్బు_నెల్లూరు: పదో వంతు అని ఎలా తేల్చేశారు? 2006లో బెంగాల్ బియ్యం మీద చేసిన పరిశోధనలో, నీళ్ళు తేటపడేదాకా కడిగి, ఆరింతల నీళ్ళలో వండి వారిస్తే 57 శాతం దాకా పోయింది. అందులో సగం కడుగు నీళ్ళలోనే పోయింది. అంటే కడగడానికీ బలం ఉన్నట్టేగా?

ల్యాబ్_రామం: ఉంది, ఆ బియ్యానికి. రకాన్ని బట్టి, ఎంత గట్టిగా కడిగారన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. అన్నిటిలోనూ నమ్మకంగా పనిచేసేది మాత్రం వార్చడమే.

పాపకి మెత్తగా కావాలి గనక 2020లో బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చెప్పిన పద్ధతి కుదురుతుంది. గ్లాసు బియ్యానికి నాలుగు గ్లాసుల నీళ్ళు. నీళ్ళు తెర్లుతున్నప్పుడే బియ్యం వేసి 5 నిమిషాలు ఉడికించి పూర్తిగా వార్చేయండి. మళ్ళీ రెండు గ్లాసుల కొత్త నీళ్ళు పోసి, మూతపెట్టి సన్నసెగ మీద ఇగరనివ్వండి. ఇంకా మెత్తన కావాలంటే ఈ రెండో విడత నీళ్ళే పెంచుకోండి. వాళ్ళ పరీక్షలో ఇలా వండితే ఆర్సెనిక్ తెల్లబియ్యంలో 73 శాతం, దంపుడులో 54 శాతం తగ్గింది. సోనామసూరి సన్నగింజ, ఆలస్యంగా వారిస్తే చిదికిపోతుంది, గంజి చిక్కబడి గింజకే పట్టుకుంటుంది. వార్చిన గంజి పల్చగా ఉంటే సరిగ్గా వార్చినట్టు.

నదియా_కోడలు: మాది బెంగాల్లో నదియా జిల్లా. బోరు నీళ్ళతోనే ఆరింతలు పోసి వారుస్తున్నాం. సరిపోతుందా?

ల్యాబ్_రామం: మీరు ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. లెక్క చూడండి: కిలోకి 100 మైక్రోగ్రాముల చొప్పున ఆర్సెనిక్ ఉన్న బియ్యం 200 గ్రాములు వండితే అందులో ఉండేది 20. లీటరుకి 50 ఉన్న బోరు నీళ్ళు అర లీటరు అన్నంలో ఇంకితే కొత్తగా 25 చేరుతుంది. మీరు ఎంత వార్చినా అన్నం తాగిన నీళ్ళు అన్నంలోనే ఉంటాయి. కాచినా ఆర్సెనిక్ పోదు, నీళ్ళు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. తాగునీటికి హద్దు లీటరుకి 10. అంతకు లోబడిన నీళ్ళతోనే వండాలి.

గంజి_తరవాణి: మేం వార్చిన గంజిలో ఉప్పేసుకుని తాగుతాం. బలమూ పోదు, విషమూ పోతుంది.

ల్యాబ్_రామం: వార్చింది తాగితే వార్చనట్టే. బి విటమిన్లు, ఆర్సెనిక్ రెండూ ఆ గంజిలోనే దిగుతాయి.

సుబ్బు_నెల్లూరు: అదీ అసలు సంగతి! ఇది ముందే ఎందుకు చెప్పలేదు? మూడు పూటలా అన్నమే తిని, పక్కన పప్పు కూడా లేని ఇంట్లో గంజి పారబోయమంటే థయామిన్ అనే బి విటమిన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? మా ఇంట్లో డాక్టరు మాట విని వార్చడం మొదలుపెట్టాక అమ్మకి నీరసం మిగిలింది. మన జిల్లాల్లో బోరు నీళ్ళకి పెద్ద బెడద ఫ్లోరైడ్. అమెరికా భయాన్ని తెచ్చి అందరి నెత్తినా రుద్దుతున్నారు.

ల్యాబ్_రామం: అందరినీ వార్చమని నేనెక్కడన్నాను? అడిగింది పది నెలల పాప కోసం. ఒంటి బరువుతో పోలిస్తే ఆ వయసు పిల్లలు తినే అన్నం ఎక్కువ. విటమిన్లు పూసిన అమెరికా బియ్యాన్ని ఎక్కువ నీళ్ళలో ఉడికించి వారిస్తే ఆ పూతలో సగానికి పైగా పోతుందని అక్కడి ఆహార సంస్థే చెబుతోంది, అది ఒప్పుకుంటాను. పాపకి ఒక పూట అన్నం మాన్పించి రాగిజావో గోధుమరవ్వో పెడితే, ఆ పూట వార్చే పనే ఉండదు.

సుబ్బు_నెల్లూరు: పాపకి సరే. కూలికెళ్ళే మనిషికి గంజి పారబోయమంటే మాత్రం నేనొప్పుకోను.